మానేశాడని ఎప్పుడు రాయాలి?

నర్సు కూర్చోబెట్టి మాట్లాడితే పేషెంటు సిగరెట్ మానేస్తాడా? ఈ ప్రశ్న మీద జరిగిన ట్రయల్స్ అన్నిటినీ వెతికి, వడగట్టి, ఒక లెక్కకు తెచ్చే పనిని సిస్టమాటిక్ రివ్యూ అంటారు. కాక్రేన్ తరఫున వర్జీనియా హిల్ రైస్ బృందం 2017లో ఇలాంటి రివ్యూను కొత్త సమాచారంతో సవరించింది. ప్రధాన పోలికలో 44 అధ్యయనాలు, ఇరవై వేలకు పైగా మనుషులు. నర్సు సాయం అందినవాళ్లలో మానేసినవాళ్ల శాతం, అందనివాళ్లతో పోలిస్తే సుమారు 29 శాతం ఎక్కువని తేలింది. అంటే మామూలుగా నూటికి పదిమంది మానే చోట పదముగ్గురు మానతారన్నమాట.

ఈ అంకె ఎంత గట్టిదో రివ్యూలోని ‘పద్ధతులు’ విభాగం చెబుతుంది. ఫలితాలు చూశాక నియమాలు రాస్తే, మనకు నచ్చిన ట్రయల్స్ మాత్రమే లోపలికి వచ్చేలా రాసుకోవచ్చు. అందుకే నియమాలు ముందే రాసి, ప్రాస్పెరో వంటి బహిరంగ రిజిస్టర్‌లో నమోదు చేస్తారు.

మొదటి నియమం, ఏ అధ్యయనాలను తీసుకోవాలన్నది. పై రివ్యూలో పాల్గొన్నవాళ్లు పద్దెనిమిదేళ్లు నిండిన పొగతాగేవాళ్లు కావాలి, ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ తీసినట్టు నిర్ణయించి ఉండాలి, కనీసం ఆరు నెలలు కనిపెట్టి చూసి ఉండాలి. ఆరు నెలలు ఎందుకంటే, మానినవాళ్లలో చాలామంది మొదటి కొన్ని వారాల్లోనే మళ్లీ వెలిగిస్తారు. నెలకే లెక్క తీస్తే గెలుపు పెద్దదిగా కనిపిస్తుంది.

ఇక్కడ ఎక్కువగా జారేది ‘నర్సు ఆధ్వర్యంలో’ అన్న మాట దగ్గర. ఒక ట్రయల్‌లో నర్సు అరగంట మాట్లాడి, పైగా నికోటిన్ ప్యాచ్ ఇచ్చిందనుకుందాం. రెండో గుంపుకు కరపత్రం మాత్రమే ఇచ్చారు. తేడా వస్తే అది నర్సు మాటదా, ప్యాచ్‌దా? ప్యాచ్ రెండు గుంపులకూ సమానంగా అందితేనే తీసుకుంటామనో, లేకుంటే విడిగా లెక్కిస్తామనో ముందే రాయాలి. ఎంతసేపు మాట్లాడిందన్నదీ ముఖ్యమే. ఆ రివ్యూ పది నిమిషాలకు మించని ఒక్క సంప్రదింపును, మహా అయితే మరొక్క కలయికతో, తేలికపాటి సాయంగా గుర్తించింది.

తర్వాత, మానేశాడని దేన్ని బట్టి రాయాలి? ‘మానేశానమ్మా’ అని నర్సుతో చెప్పడం సులువు. తన కోసం శ్రమపడిన మనిషిని నొప్పించలేక అలా చెప్పేవాళ్లూ ఉంటారు. అందుకే ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్‌నో, లాలాజలంలోనో మూత్రంలోనో కొటినిన్‌నో కొలుస్తారు. మొదటిది ఒక రోజులోపు పొగ తాగితేనే బయటపడుతుంది. రెండోది కొన్ని రోజుల వెనక్కి పట్టిస్తుంది, కానీ ప్యాచ్ వాడేవాళ్లలోనూ కనిపిస్తుంది. మన దగ్గర బీడీ మాని ఖైనీ పట్టినవాడి ఊపిరి శుభ్రంగానే ఉంటుంది, కొటినిన్ మాత్రం ఉంటుంది. ప్రశ్న పొగ గురించా, పొగాకు గురించా అన్నది నియమాల్లో తేల్చకపోతే ఒకే మనిషిని ఒక అధ్యయనం మానినవాడిగా, ఇంకొకటి మాననివాడిగా రాస్తుంది.

మరి ఆరో నెలలో దొరకనివాళ్ల సంగతి? ఊహకు ఒక లెక్క. గుంపుకు 200 మంది. నర్సు గుంపులో 60 మంది, రెండో గుంపులో 30 మంది జాడ లేరు. మానేసినవాళ్లు వరుసగా 28, 17. దొరికినవాళ్లనే లెక్కిస్తే 140లో 28, అంటే 20 శాతం. 170లో 17, అంటే 10 శాతం. సరిగ్గా రెట్టింపు! దొరకనివాళ్లంతా తాగుతున్నారని తీసుకుంటే 14 శాతం, 8.5 శాతం. ఫలితం రెట్టింపు నుంచి 1.65 రెట్లకు దిగింది. ఈ రంగంలో రెండో లెక్కే ఆనవాయితీ. అది కఠినమే, కానీ ఆశపెట్టి మోసం చేయదు.

పక్షపాతం ఉందేమో చూసేటప్పుడు నేను ముందు వెతికేది కవర్లను. తర్వాతి పేషెంటు ఏ గుంపుకో నర్సుకు ముందే తెలిస్తే, మానాలన్న పట్టుదల ఉన్నవాణ్ని తెలియకుండానే తన గుంపుకు చేర్చుకోవచ్చు. వరుస సంఖ్యలు వేసి అంటించిన, వెలుతురుకు పట్టినా లోపల కనిపించని కవర్లు వాడారా, లేక దూరంగా ఉన్న కార్యాలయం కేటాయించిందా? ‘యాదృచ్ఛికంగా విభజించాం’ అని మాత్రమే ఉంటే ‘అస్పష్టం’ అని గుర్తించాలి. ఇక ఎవరు మాట్లాడుతున్నారో పేషెంటుకు తెలియకుండా ఉంచడం ఇలాంటి ట్రయల్‌లో అసాధ్యం. దానికి మార్కులు తగ్గించే బదులు, మానడాన్ని పరీక్షతో నిర్ధారించారా అని చూడడం న్యాయం. సగానికి మించి మనుషులు తప్పిపోయినా, రెండు గుంపుల మధ్య ఆ తేడా 20 శాతం దాటినా ప్రమాదం ఎక్కువని కాక్రేన్ పొగాకు బృందం లెక్కించేది. పై ఉదాహరణలో తేడా 15 శాతమే, గీత దాటలేదు. అయినా ఫలితం ఎంత కదిలిందో చూశాం.

ఈ తనిఖీ ఇద్దరు విడివిడిగా చేయాలి, తేడా వస్తే మూడో మనిషి తేల్చాలి. చివరకు ప్రమాదం ఎక్కువున్న అధ్యయనాలు తీసేసి లెక్క మళ్లీ వేయాలి. అప్పుడు అంకె మారిపోతే, ఆ సంగతి అనుబంధంలో కాదు, సారాంశం మొదటి వాక్యాల్లో ఉండాలి.