నేమెన్ కుటుంబాన్ని ఒకేరోజు పిలవొద్దు

జర్మనీ ఆస్పత్రుల్లో ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకునే తెలుగు నర్సులు మొదటి నెలల్లోనే తారసపడే క్రియ నేమెన్. తీసుకోవడం అని అర్థం. దీని ముందు ఐన్ చేరితే ఐన్‌నేమెన్, మందు వేసుకోవడం. ఔఫ్‌నేమెన్ అంటే రోగిని ఆస్పత్రిలో చేర్చుకోవడం. ట్సూనేమెన్ బరువు పెరగడం, ఆప్‌నేమెన్ తగ్గడం. నామవాచకాలుగా మారితే ఇవి ఔఫ్‌నామె, ఐన్‌నామె అవుతాయి. ఇలా నామెతో ముగిసేవన్నీ స్త్రీలింగాలే, ముందు డీ వస్తుంది. ప్రతి నామవాచకానికీ లింగం గుర్తుపెట్టుకోవాల్సిన భాషలో ఇది ఎంతో ఊరట.

అయితే కుటుంబం తెలిసినంత మాత్రాన అర్థం తెలిసినట్టు కాదు. ఆప్‌నేమెన్‌నే చూడండి. బరువు తగ్గడానికీ అదే మాట, రక్తం తీయడానికీ అదే. ఏది ఎప్పుడో వాక్యమే చెబుతుంది. 'డీ పట్సియెంటిన్ నిమ్ట్ ష్నెల్ ఆప్' అంటే రోగి త్వరగా బరువు తగ్గుతోంది. 'ఇష్ నేమె ఈనెన్ బ్లూట్ ఆప్' అంటే మీకు రక్తం తీస్తాను. రెండింట్లోనూ ఆప్ క్రియ నుంచి విడిపోయి వాక్యం చివరికి వెళ్లింది. మాటను ఒంటరిగా బట్టీ పట్టినవారికి ఎదుటివారు మాట్లాడేటప్పుడు ఆ చివరి ముక్క చెవికి ఆనదు.

ఇక మరుపు సంగతి. నేర్చుకున్నది మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా చెరిగిపోతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో రాశాడు. సెబాస్టియన్ లైట్నర్ 1970లలో దానికి అరల పెట్టె ఉపాయం చెప్పాడు. కార్డు మీది జవాబు సరిగా చెబితే అది తర్వాతి అరలోకి వెళ్తుంది, తప్పితే మొదటి అరకే వస్తుంది. మొదటి అరను రోజూ, రెండోదాన్ని మూడు రోజులకు, మూడోదాన్ని వారానికి తిరగేసినా చాలు. తర్వాతి అరలకు ఎడం ఇంకా పెంచుకోవచ్చు.

చాలామంది తడబడేది ఇక్కడే. కుటుంబం కదా అని ఐదు కార్డులూ ఒకేరోజు పెట్టెలో వేస్తారు. ఆప్, ట్సూ రెండూ కొత్తవే, రూపం ఒకటే, అర్థాలు ఎదురెదురు. వారం తిరిగేసరికి ఏది పెరగడమో ఏది తగ్గడమో కలిసిపోతుంది. తప్పు జవాబులు ఎప్పుడూ ఆ రెండింటి మధ్యే తిరుగుతుంటే జబ్బు ఇదేనని గుర్తుపట్టవచ్చు. కుటుంబాన్ని నోటుబుక్కులో ఒక పేజీగా రాసుకోవచ్చు గానీ, పెట్టెలోకి ముందు ఆప్‌నేమెన్ ఒక్కటే వెళ్లాలి. అది మూడో అర చేరాకే ట్సూనేమెన్.

కార్డు ముందువైపు 'రోగికి రక్తం తీస్తానని చెప్పాలి' అని సందర్భం, దాని కింద 'ఇష్ నేమె ఈనెన్ బ్లూట్ ___' అని ఖాళీ ఉండాలి. వెనక పూర్తి వాక్యం. రెండు అర్థాలకు రెండు కార్డులు.

ఇందులోనూ ఒక మోసముంది. కొన్నాళ్లకు వాక్యంలోని మొదటి మాట చూడగానే జవాబు వచ్చేస్తుంది, అర్థం ఆలోచించకుండానే. అందుకే పై అరలకు చేరిన కార్డును అప్పుడప్పుడు మార్చి అడగాలి. 'ఇష్ నేమె'కు బదులు 'రేపు డాక్టర్ రక్తం తీస్తారు' అని చెప్పమంటే, నేమె కాస్తా నిమ్ట్‌గా మారి, ఆప్ చివరికి చేరిందా లేదా చూడాలి. చేరకపోతే ఆ కార్డు మళ్లీ మొదటి అరకే.