రెండు నిమిషాలు, ఒక తాళం

"సార్, రెండు నిమిషాలు..." అని గుమ్మంలో నిలబడి అడుగుతుంది అభ్యర్థి. లెక్చరర్ వాచీ చూసుకుని తలూపుతారు. లోపల అరవై మంది ఉన్నారు. ముందు వరుసలో నోట్సు రాసుకుంటున్నారు, వెనక బెంచీలో ఫోన్లు చూసుకుంటున్నారు. ఈ పొద్దు ఇప్పటికే ఇద్దరు అభ్యర్థులు వచ్చి మాట్లాడి వెళ్లారు. ఇంకొకరు వరండాలో కాచుకుని ఉన్నారు. కాలేజీ యూనియన్ ఎన్నికల ప్రసంగం చాలావరకు ఇలాంటి చోటే జరుగుతుంది. దండలూ వేదికా ఏమీ ఉండవు.

మైకు లేకపోవడానికి ఒక కారణం నిబంధనలే. విద్యార్థి సంఘాల ఎన్నికల మీద మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు అమల్లోకి తెచ్చింది. వాటి ప్రకారం అభ్యర్థి ఖర్చు రూ.5,000 దాటకూడదు. అచ్చువేసిన పోస్టర్లు పనికిరావు, చేత్తో రాసినవే అంటించాలి. ప్రచారానికి లౌడ్‌స్పీకర్లు, వాహనాలు వాడకూడదు. నామినేషన్ల నుంచి ఫలితాల దాకా పది రోజుల్లో అంతా ముగియాలి. ఇవన్నీ తీసేస్తే అభ్యర్థికి మిగిలేది గొంతొక్కటే.

మన రెండు రాష్ట్రాల్లో చాలా కాలేజీలు ఇలాంటి ఎన్నికలు చూసి దశాబ్దాలైంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల మాత్రం జరుగుతూనే ఉన్నాయి. ఎన్నికలున్న ఒక కాలేజీని ఊహించుకుందాం. జనరల్ సెక్రటరీ పదవికి పోటీ చేస్తున్న అమ్మాయి పేరు సునీత అనుకుందాం. మొదటిసారి ఆమె రాసుకున్న ప్రసంగం ఇలా మొదలవుతుంది:

"గౌరవనీయులైన అధ్యాపకులకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు హృదయపూర్వక నమస్కారాలు. మీ అమూల్యమైన ఓటు వేసి నన్ను గెలిపిస్తే లైబ్రరీ, క్యాంటీన్, బస్సులు, వైఫై, ఆటలు, ప్లేస్‌మెంట్లు, హాస్టల్ భోజనం..."

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఏడు హామీలు విన్నవాడికి ఒక్కటీ గుర్తుండదు. పైగా వరండాలో నిలబడ్డ అభ్యర్థి చేతిలోనూ ఇదే జాబితా ఉంది. పేర్లు మార్చి చదివినా ఎవరికీ తేడా తెలియదు. ఇలాంటి ప్రసంగాన్ని దిద్దేటప్పుడు మొదట చేయాల్సిన పని ఏడింటిలో ఆరు కొట్టేయడం. మిగిలేది మూడు పరీక్షలకు నిలవాలి. అది క్లాసులో చాలామందికి రోజూ తగిలే ఇబ్బంది అయి ఉండాలి. కంటికి కనిపించేది కావాలి. యూనియన్ తన పదవీకాలంలో దాని కోసం ఏదైనా చేయగలగాలి. ప్లేస్‌మెంట్లు మూడో పరీక్ష దగ్గరే ఓడిపోతాయి. రీడింగ్ రూము మూడింటిలోనూ నెగ్గుతుంది. సునీత మళ్లీ రాసింది. ఈసారి చేతిలో ఒక పాత ఇనుప తాళం ఉంది.

"రోజూ రాత్రి ఎనిమిదింటికి మన రీడింగ్ రూముకు ఇది పడుతుంది. నేను సునీత, బీఎస్సీ ఫైనలియర్. జనరల్ సెక్రటరీకి పోటీ చేస్తున్నా.

ఎనిమిదింటికి లేచి హాస్టలుకు పోతే గదికి నలుగురం. ఒకరికి నిద్ర, ఒకరికి ఫోను, ఒకరికి రేపు పరీక్ష. లైటు ఆర్పాలా, ఉంచాలా? రోజూ అదే గొడవ.

గది ఉంది. కుర్చీలున్నాయి. లైట్లున్నాయి. తాళమొక్కటే అడ్డం.

ఆ తాళం తీసే అధికారం యూనియన్‌కు లేదు, ప్రిన్సిపాల్ గారికి ఉంది. గెలిచిన మొదటి వారం మీ సంతకాలు తీసుకుంటా. రెండో వారం ఆయన దగ్గరికి వెళ్లి, పరీక్షల నెలలో పదింటి దాకా తెరిచి ఉంచమని అడుగుతా. ఆయన ఏమన్నదీ నోటీసు బోర్డులో పెడతా. కాదన్నా పెడతా.

బ్యాలెట్‌లో మూడో పేరు నాది. శుక్రవారం ఓటేయండి. తాళం తీయిద్దాం."

మొత్తం ఎనభై మాటలకు అటూ ఇటూగా ఉంది. ఆగాల్సిన చోట ఆగుతూ చెప్పినా నిమిషంన్నరలో అయిపోతుంది. మిగిలిన అర నిమిషం ప్రశ్నకు ఉంచుకోవాలి.

నమస్కారం కంటే ముందు తాళం రావడం వెనక ఒక లెక్కుంది. గదిలోకి కొత్త మనిషి రాగానే అందరూ ఒక్కసారి తలెత్తి చూస్తారు. ఆ చూపు నాలుగైదు క్షణాలే నిలుస్తుంది. ఆ కాస్త సమయం "గౌరవనీయులైన" అనే మాటకు పోతే తలలు మళ్లీ కిందికి దిగుతాయి. పేరు రెండో వాక్యంలో చెప్పినా నష్టం లేదు. "ఎవరీ అమ్మాయి, తాళమేంటి?" అనుకున్నాక పేరు చెవిలో బాగానే పడుతుంది.

"గది ఉంది, కుర్చీలున్నాయి, లైట్లున్నాయి" అన్నప్పుడు మూడు వాక్యాలు ఒకే తూకంలో పడ్డాయి. నాలుగోది వచ్చి ఆ తూకాన్ని విరిచింది. మన చెవికి ఈ నడక సామెతల నుంచి అలవాటే. కష్టపడి ప్రాస కలపనక్కర్లేదు. ప్రాస కోసం మాటను వంచితే క్లాసు నవ్వుతుంది. నవ్వు గుర్తుంటుంది గానీ కోరిక గుర్తుండదు.

చివరి నినాదం సునీతకు మొదటిసారే దొరకలేదు. మొదట "ఎనిమిది కాదు, పది" అని రాసుకుంది. వినడానికి బాగుంది. గదిలో స్నేహితురాళ్లకు వినిపించి, "మరి నా నంబరెంత?" అని అడిగితే ఒకమ్మాయి "పది" అంది. బ్యాలెట్‌లో ఆమెది మూడో పేరు. ప్రసంగంలో గంటలు, వారాలు, బ్యాలెట్ నంబరు కలిసిపోతే పోలింగ్ రోజు ఓటు పక్కవాళ్లకు పడే ప్రమాదముంది. అందుకే నినాదంలోంచి అంకె తీసేసి తాళం పెట్టింది. గుర్తుండాల్సిన అంకె ఒక్కటే, అది చివర్లో వస్తుంది.

"అధికారం యూనియన్‌కు లేదు" అనే వాక్యం కొట్టేయమని ప్యానెల్‌వాళ్లు ఒత్తిడి చేస్తారు. కొట్టేయకూడదు. ఓటు వేసేవాళ్లకు యూనియన్ ఏం చేయగలదో బాగా తెలుసు. చేయలేనిది ముందే ఒప్పుకున్న మనిషి, చేస్తానన్న మూడు పనుల్ని నమ్ముతారు. సంతకాలు, విన్నపం, నోటీసు బోర్డు. ఈ మూడూ ఎవరైనా లెక్క చూసుకోగలిగినవే.

వెనక బెంచీ నుంచి ప్రశ్న రానే వస్తుంది: "పోయినేడాది వాళ్లూ ఇదే చెప్పారుగా?" ఇక్కడ నోరు జారడం తేలిక. ఎదుటి అభ్యర్థి పనినీ, విధానాలనీ విమర్శించవచ్చు గానీ వ్యక్తిగత జీవితాన్ని లాగకూడదని, కుల మతాల పేరిట ఓటు అడగకూడదని లింగ్డో నియమావళి చెబుతోంది. "వాళ్లు అడిగారేమో. ఏం జవాబొచ్చిందో మనకు ఎవరూ చెప్పలేదు. నేను చెబుతా" అంటే చాలు. విమర్శ పని మీదే నిలిచింది, తిరిగి తన హామీ దగ్గరికే వచ్చింది.

ఈ ప్రసంగానికి ఒక లోపం ఉంది. డే స్కాలర్లు ఎక్కువున్న క్లాసులో ఇది చప్పబడుతుంది. సాయంత్రం బస్సెక్కి పోయేవాళ్లకు రాత్రి పదింటితో పనేముంది? అక్కడ సునీత హాస్టల్ గది మాటలు తీసేసి, మొదటి బస్సుకు వచ్చి తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చునేవాళ్ల గురించి చెప్పాలి. పొద్దున గంట ముందు తెరవాలన్న కోరికను అన్ని క్లాసుల్లోనూ విన్నపంలో కలపాలి. క్లాసుకో హామీ ఇస్తే మధ్యాహ్నానికి క్యాంటీన్‌లో బయటపడుతుంది. ఉదాహరణ మారవచ్చు, తాళం మారకూడదు.

ప్రసంగం పనిచేసిందో లేదో చప్పట్లు చెప్పవు, అవి అందరికీ కొడతారు. మర్నాడు మెస్‌లో, తనను ఎరగని స్నేహితురాలి చేత ఎవరినైనా అడిగించాలి: "నిన్న మీ క్లాసుకు ఎవరెవరొచ్చారు?" "ఎవరో ఒకమ్మాయి, బాగానే మాట్లాడింది" అంటే ఆ రాత్రి కూర్చుని మళ్లీ రాసుకోవాలి. "ఆ తాళం అమ్మాయా? రీడింగ్ రూము పదింటి దాకా తెరిపిస్తానంది, మూడో నంబరు" అంటే ఇక ఒక్క మాట కూడా మార్చకూడదు.