విశాఖ నుంచి అండమాన్‌కు ఎన్ని గంటలు?

విశాఖపట్నంలో అండమాన్ ఓడ ఎక్కేవాళ్లకు ప్రయాణం సుమారు 56 గంటలని చెబుతారు. రైలుకైతే పట్టాలున్నాయి, స్టేషన్లున్నాయి, ఎక్కడ ఎంత ఆలస్యమైందో తెలుస్తుంది. నడిసముద్రంలో అలాంటి గుర్తులేవీ ఉండవు. పైగా ఓడ కింద ఉన్న నీళ్లు కూడా ఎటో ఒకవైపు కదులుతూనే ఉంటాయి. అయినా రెండు రోజుల ముందే ఓడ ఎప్పుడు చేరుతుందో చెప్పగలుగుతున్నారంటే, దాని వెనక ఒక చిన్న భాగహారమూ, ఆ నీళ్ల కదలికను పట్టుకునే పద్ధతీ ఉన్నాయి.

ముందు దూరం సంగతి. సముద్రం మీద దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. భూగోళం మీద ఒక డిగ్రీ అక్షాంశాన్ని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం దాదాపు ఇంతే ఉంటుంది. అందుకే ఓడలో చార్టు మీద దూరం కొలవడానికి వేరే స్కేలు అక్కర్లేదు. డివైడర్ కాళ్లను రెండు చోట్ల ఆనించి, ఆ ఎడాన్ని చార్టు పక్క అంచున ఉన్న అక్షాంశాల గీతల మీద పెడితే మైళ్లు తెలిసిపోతాయి. కాకపోతే, కొలిచిన చోటుకు సూటిగా పక్కన ఉన్న అంచు మీదే పెట్టాలి. ఉత్తరానికి పోయేకొద్దీ చార్టులో గీతల మధ్య ఎడం సాగుతూ పోతుంది కాబట్టి, పైనో కిందో పెడితే లెక్క తేడా వస్తుంది. చార్టు అడుగు అంచున ఉండే రేఖాంశాల గీతలైతే ఈ పనికి అసలు పనికిరావు.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఊరికి, సూటిగా గీత గీస్తే సుమారు 655 మైళ్లు వస్తుంది. కానీ ఆ రేవు దక్షిణ అండమాన్ దీవికి తూర్పు ఒడ్డున ఉంది. పడమటి నుంచి వచ్చే ఓడ దీవులను చుట్టి వెళ్లాలి. కాబట్టి మన లెక్కకు 700 మైళ్లు అనుకుందాం.

గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారు. కనుక మైళ్లను నాట్లతో భాగిస్తే నేరుగా గంటలే వస్తాయి. ఓడ 14 నాట్లతో పోతే 700 మైళ్లకు 50 గంటలు. 13 నాట్లయితే 53.85 గంటలు. చాలామంది ఇక్కడే తడబడతారు. దశాంశం తరువాత ఉన్న 85 నిమిషాలు కావు. 0.85ను 60తో గుణిస్తే 51 వస్తుంది, అంటే ప్రయాణం 53 గంటల 51 నిమిషాలు.

ఇప్పుడు నీళ్ల సంగతి. కదిలే రైలు పెట్టెలో నడిచే మనిషి వేగం పెట్టె నేలతో పోలిస్తే ఒకటి, బయట పొలంతో పోలిస్తే మరొకటి. ఓడకూ అంతే. ఓడ అడుగున ఉండే లాగ్ అనే పరికరం నీటితో పోల్చిన వేగాన్ని చూపిస్తుంది. జీపీఎస్ నేలతో పోల్చిన వేగాన్ని చూపిస్తుంది. మనల్ని రేవుకు చేర్చేది రెండోదే, కాబట్టి భాగహారంలో వాడాల్సిందీ అదే.

దారి పొడవునా 1 నాట్ ప్రవాహం ఎదురైందనుకుందాం. 14 నాట్ల ఓడ నేల మీద 13 నాట్లే కదులుతుంది. పోవడానికి 53 గంటల 51 నిమిషాలు పడుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు అదే ప్రవాహం తోడై వేగం 15 నాట్లయితే 46 గంటల 40 నిమిషాలు చాలు. పోయింది మళ్లీ వచ్చింది కదా అనిపిస్తుంది. కూడి చూస్తే 100 గంటల 31 నిమిషాలు. నిలకడ నీటిలో అయితే రానూపోనూ సరిగ్గా 100 గంటలే. ఎదురు ప్రవాహంలో ఓడ ఎక్కువ సేపు ఉంటుంది, తోడు ప్రవాహంలో తక్కువ సేపు ఉంటుంది. అందుకే నష్టం పూర్తిగా పూడదు.

పెద్ద ఓడకు ఇది అరగంటే. నెమ్మదిగా పోయే పడవకు చాలా ఎక్కువ. 7 నాట్ల వేటపడవ 2 నాట్ల ప్రవాహం వెంబడి 40 మైళ్లు పోతే నాలుగున్నర గంటల్లోపే చేరుతుంది. అదే ప్రవాహానికి ఎదురు తిరిగి రావాలంటే వేగం 5 నాట్లకు పడిపోయి 8 గంటలు పడుతుంది. వచ్చినంత సేపట్లోనే తిరిగి పోవచ్చనుకుని డీజిల్ లెక్క వేసుకుంటే దారిలోనే అయిపోతుంది.

2 నాట్లన్నది మన తీరంలో ఊహకు అందనిదేమీ కాదు. తూర్పు తీరం వెంబడి నడిచే ప్రవాహం సుమారుగా ఫిబ్రవరి నుంచి మే దాకా ఈశాన్యంగా పారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దిశ మార్చుకుని నైరుతిగా పారుతుంది. బలంగా ఉన్న రోజుల్లో అది 2 నాట్ల దాకా ఉండవచ్చు. విశాఖ నుంచి చెన్నై వెళ్లే ఓడకు ఇది నేరుగా ఎదురో తోడో అవుతుంది. అండమాన్ ఓడ ఆగ్నేయంగా పోతుంది కాబట్టి దానికి దాదాపు అడ్డంగా తగులుతుంది.

అడ్డంగా తగిలే ప్రవాహం తీరే వేరు. తీరం దాటే మొదటి 60 మైళ్లు చూద్దాం. వేసవిలో 2 నాట్ల ప్రవాహం కుడి నుంచి ఎడమకు నెడుతోంది. కెప్టెన్ ఏమీ పట్టించుకోకపోతే 4 గంటల 17 నిమిషాల్లో ఓడ దారి నుంచి ఎనిమిదిన్నర మైళ్లు ఎడమకు జరిగిపోతుంది. అందుకని ఓడ ముక్కును సుమారు 8 డిగ్రీలు కుడికి తిప్పి ఉంచుతారు. అప్పుడు ఓడ కొంచెం ఏటవాలుగా ఉన్నా, దాని దారి మాత్రం చార్టు మీది గీత వెంబడే సాగుతుంది. వేగంలో కొంత ఆ ప్రవాహాన్ని కాచుకోవడానికి పోగా 13.86 నాట్లు మిగులుతుంది. 60 మైళ్లకు పట్టేది 4 గంటల 20 నిమిషాలు. పట్టించుకోకపోతే మైళ్ల కొద్దీ దారి తప్పుతుంది, సరిదిద్దుకుంటే పోయేది 3 నిమిషాలే. శీతాకాలం ముందు ప్రవాహం తిరగబడినప్పుడు ముక్కును ఎడమకు తిప్పాలి.

తీరం దాటాక బంగాళాఖాతం మధ్యలో నీళ్లు ఒకే తీరుగా పారవు. పెద్ద పెద్ద సుడులుగా తిరుగుతుంటాయి. ఒకే ఓడకు ఒక పూట తోడు, ఇంకో పూట ఎదురు అవుతుంటాయి. దీన్ని లాగ్‌నూ జీపీఎస్‌నూ పక్కపక్కన చూసి పోల్చుకుంటారు. లాగ్ 14 చూపిస్తూ జీపీఎస్ 13.2 దగ్గర ఉంటే 0.8 నాట్ ఎదురు ప్రవాహం ఉందన్నమాట. రెండూ కలిసి 12కు పడిపోతే అది ప్రవాహం పని కాదు. నైరుతి రుతుపవనాల్లో ఎత్తైన అలలకు ఓడ నీటిలోనే నెమ్మదించిందని అర్థం. కొన్ని రోజుల పాటు లాగ్, జీపీఎస్ తేడా ఎటు పోయినా ఒకే వైపు, ఒకే అంతు ఉంటే లాగ్‌నే అనుమానించాలి. దాని మీద నాచు పేరుకున్నా అంకె తప్పు చూపిస్తుంది.

ఇదంతా నడిసముద్రపు లెక్క. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న సన్నని కాలువ నుంచి ఓడ బయటపడేటప్పుడు పైలట్ సాయంతో మెల్లగా నడుస్తుంది. అవతలి రేవులోనూ అంతే. రేవు దాటి పూర్తి వేగం అందుకున్న క్షణం నుంచే 700 మైళ్ల భాగహారం మొదలవుతుంది. రేవుల్లో పట్టే సమయాన్ని విడిగా కలుపుకోవాలి. 56 గంటల్లో 700 మైళ్లు అంటే సగటున 12.5 నాట్లే వస్తుంది. 14 నాట్ల ఓడకు ప్రవాహాలు, అలలు, రేవుల నెమ్మది నడక అన్నీ అందులో ఇమిడిపోతాయి.

ఓడల్లో ప్రతి మధ్యాహ్నం 12 గంటలకు లెక్క కొత్తగా వేస్తారు. ఇంకా 340 మైళ్లు ఉంది, గత 24 గంటల్లో నేల మీది సగటు వేగం 13.4 నాట్లు అనుకుందాం. భాగిస్తే 25 గంటల 22 నిమిషాలు, అంటే మర్నాడు మధ్యాహ్నం 1 గంట 22 నిమిషాలకు చేరాలి. ముందున్న ప్రవాహం అరనాట్ ఎదురని తెలిస్తే వేగాన్ని 12.9గా తీసుకోవాలి, చేరే సమయం సుమారు 2 గంటల 20 నిమిషాలవుతుంది. ప్రయాణికులు కూడా ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని ఈ లెక్క చేయవచ్చు. ఒక్కసారి చూసిన వేగం నమ్మకూడదు, అలల ఊపుకు అది నిమిషానికోలా మారుతుంది. ఆరు గంటల ఎడంతో ఓడ ఉన్న చోటును రెండుసార్లు గుర్తు పెట్టుకుని, మధ్య దూరాన్ని ఆరుతో భాగించాలి. మిగిలిన మైళ్లను ఆ అంకెతో భాగిస్తే రేవు ఎన్ని గంటల దూరంలో ఉందో తెలుస్తుంది.