చేతికి రాని డబ్బుకు పన్నెందుకు?

చిన్న సేవల వ్యాపారం మొదలుపెట్టినవాళ్లు ఆడిటర్‌ను మొదట అడిగేది దాదాపు ఇదే. పని చేసి డబ్బుకు హక్కు వచ్చిన రోజునే ఆదాయంగా లెక్కించడం మర్కంటైల్ పద్ధతి. డబ్బు వచ్చాక లెక్కించడం క్యాష్ పద్ధతి. ఇక్కడ క్యాష్ అంటే నోట్లనే కాదు, యూపీఐ, బ్యాంకు బదిలీ కూడా లెక్కే. సొంత వ్యాపారి, భాగస్వామ్య సంస్థ, ఎల్‌ఎల్‌పీ రెంటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. కంపెనీకి మాత్రం ఆ వీలు లేదు. కంపెనీల చట్టం ప్రకారం అది మర్కంటైల్‌లోనే పుస్తకాలు రాయాలి.

అపోహ: క్యాష్ పద్ధతిలో పన్ను తగ్గుతుంది.

పన్ను తగ్గదు, వెనక్కి జరుగుతుంది. ఆ జరగడం వల్ల ఒక్కోసారి నష్టమే వస్తుంది. హైదరాబాద్‌లో ఫ్లాట్లు అమ్మిపెట్టి బిల్డర్ల దగ్గర కమీషన్ తీసుకునే ఒక బ్రోకర్‌ను ఊహించుకుందాం. కమీషన్ వ్యాపారానికి 44ఏడీ కింద అంచనా లాభం చూపే వెసులుబాటు లేదు కాబట్టి అతను అసలు లెక్కలే చూపాలి. మొదటి ఏడాది 2025-26లో 16 లక్షలకు బిల్లులు రాశాడు, ఖర్చులకు 4.5 లక్షలు చెల్లించాడు. మార్చి 20న రాసిన 3 లక్షల బిల్లు డబ్బు జూన్‌లో వచ్చింది. రెండో ఏడాదీ అవే బిల్లులు, అవే ఖర్చులు. కాకపోతే ఈసారి మార్చి 31కి ఒక్క బాకీ కూడా మిగల్లేదు.

మర్కంటైల్‌లో రెండేళ్లూ లాభం 11.5 లక్షల చొప్పున వస్తుంది. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కనుక రెండేళ్లూ పన్ను సున్నా. క్యాష్ పద్ధతిలో మొదటి ఏడాది లాభం 8.5 లక్షలు, పన్ను సున్నా. రెండో ఏడాది మాత్రం 14.5 లక్షలు అవుతుంది. 2025-26 రేట్లే వేసినా 4 నుంచి 8 లక్షల మీద 20,000, 8 నుంచి 12 లక్షల మీద 40,000, మిగిలిన 2.5 లక్షల మీద 37,500 పడతాయి. సెస్సుతో కలిపి మొత్తం 1,01,400 రూపాయలు. రెండేళ్లలో సంపాదన ఒక్క రూపాయి కూడా పెరగలేదు, లక్ష రూపాయల పన్ను మాత్రం కొత్తగా వచ్చి పడింది.

అడ్వాన్సుల దగ్గరా ఇంతే. ఫిబ్రవరిలో అడ్వాన్సు తీసుకుని పని మేలో చేస్తే, క్యాష్ పద్ధతిలో ఆ డబ్బు ఫిబ్రవరి ఆదాయమే. మర్కంటైల్‌లో పని జరిగిన ఏడాదికి వెళ్తుంది.

అపోహ: రాబడికి క్యాష్, ఖర్చుకు మర్కంటైల్ పెట్టుకోవచ్చు. ఏటా మార్చుకోవచ్చు కూడా.

ఒకప్పుడు ఇలా కలిపి రాయడం చెల్లేది. 1997 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అది పోయింది. డబ్బు వచ్చాకే ఆదాయం అనేవాళ్లు, చెల్లించాకే ఖర్చు అనాలి. మార్చి అద్దె ఏప్రిల్‌లో కడితే అది వచ్చే ఏడాది ఖర్చే. ఎంచుకున్న పద్ధతిని ఏటేటా కొనసాగించాలి. సరైన కారణముంటే మార్చుకోవచ్చు గానీ, ఏ ఏడాది ఏది లాభమైతే అదంటే అధికారి ఆ లెక్కలను తోసిపుచ్చగలరు. మారిన ఏడాది పాత బాకీల జాబితా దగ్గర పెట్టుకోండి. మర్కంటైల్‌లో ఒకసారి పన్ను కట్టిన బిల్లు, డబ్బు వచ్చినప్పుడు మళ్లీ ఆదాయంలో చేరిపోవడం ఇలా మారినప్పుడే జరుగుతుంది.

అపోహ: క్యాష్ పద్ధతి రాస్తే జీఎస్టీ కూడా డబ్బు వచ్చాకే.

జీఎస్టీకి మీ పుస్తకాల పద్ధతితో పని లేదు. సేవ ముగిసిన 30 రోజుల్లోపు బిల్లు ఇస్తే, బిల్లు తేదీ, డబ్బు వచ్చిన తేదీల్లో ఏది ముందైతే అదే లెక్క. మన బ్రోకర్‌కు రిజిస్ట్రేషన్ ఉండి, నెలనెలా రిటర్ను వేస్తుంటే, మార్చి బిల్లు మీద 54,000 ఏప్రిల్ 20కల్లా కట్టాలి. బిల్డర్ జూన్‌లో ఇస్తాడంటే ప్రభుత్వం ఆగదు.

అపోహ: 26ఏఎస్‌లో కనిపించిన టీడీఎస్‌ను ఆ ఏడాదే వాడుకోవాలి.

బిల్డర్ మార్చిలోనే తన పుస్తకాల్లో 3 లక్షలు జమ వేసి, 2 శాతం చొప్పున 6,000 కోస్తాడు. అది 2025-26 కింద కనిపిస్తుంది. క్యాష్ పద్ధతి పాటించే బ్రోకర్‌కు ఆ ఆదాయం మరుసటి ఏడాదిది. ఆదాయం ఏ ఏడాదిదో టీడీఎస్ క్రెడిట్ కూడా ఆ ఏడాదిదే. కాబట్టి రిటర్నులోని టీడీఎస్ షెడ్యూల్లో ఆ 6,000ను ముందుకు తీసుకెళ్లాలి. ఆదాయం చూపకుండా క్రెడిట్ మాత్రం తీసుకుంటే తేడా ఏమిటని నోటీసు వస్తుంది.

అపోహ: మర్కంటైల్‌లో మొండి బాకీకి కట్టిన పన్ను గంగపాలే.

వసూలు కాదని తేలిన బాకీని పుస్తకాల్లో రద్దు చేసిన ఏడాది ఖర్చుగా తీసేయవచ్చు. ముందే ఆదాయంగా చూపారు కనుకే ఆ హక్కు వస్తుంది. క్యాష్‌లో అసలు చూపలేదు కాబట్టి తీసేయడానికేమీ ఉండదు.

ఏటా ఒకే శ్లాబులో ఉంటూ, నెలల తరబడి డబ్బు ఆపే ఖాతాదారులున్నవారికి క్యాష్ పద్ధతి ఊరటే. లాభం 12 లక్షల చుట్టుపక్కల ఉన్నవారు మాత్రం రెండేళ్ల లెక్క పక్కపక్కన వేసి చూశాకే నిర్ణయం తీసుకోండి.