డివిడెండ్ కోస్తే షేరెందుకు పడింది?

1994 మే 9న ఎఫ్‌పీఎల్ గ్రూప్ అనే కంపెనీ అమెరికా స్టాక్ మార్కెట్‌ను ఉలిక్కిపడేలా చేసింది. ఫ్లోరిడా రాష్ట్రంలో దాదాపు సగం మందికి కరెంటిచ్చే సంస్థ అది. 47 ఏళ్లుగా ఏటా డివిడెండ్ పెంచుకుంటూ వచ్చింది. అలాంటిది మూడు నెలలకోసారి షేరుకు 62 సెంట్లు ఇస్తున్నదాన్ని ఒక్కసారిగా 42 సెంట్లకు కోసేసింది. కంపెనీ నష్టాల్లో లేదు, అప్పుల ఊబిలోనూ లేదు. అయినా ఆ రోజు షేరు ధర దాదాపు 14 శాతం పడిపోయింది.

లెక్క చూడండి. డివిడెండ్‌లో కోత ఏడాదికి షేరుకు 80 సెంట్లు. ఆ డబ్బేమీ ఆవిరైపోదు, కంపెనీ ఖాతాలోనే ఉంటుంది, ఆ కంపెనీ వాటాదారులదే. ఒక్కరోజులో షేరు పోగొట్టుకున్నది మాత్రం నాలుగు డాలర్ల పైమాటే. చేతికి రాకుండా కంపెనీలోనే మిగిలిన 80 సెంట్ల కోసం నాలుగు డాలర్లు ఎందుకు పోవాలి? దీనికి జవాబు వెతకాలంటే, అంతకు 33 ఏళ్ల ముందు ఇద్దరు ఆర్థికవేత్తలు చెప్పిన ఒక విడ్డూరమైన మాట దగ్గరికి వెళ్లాలి.

మెర్టన్ మిల్లర్, ఫ్రాంకో మోడిగ్లియానీ 1961లో ఒక వ్యాసం రాశారు. ఇద్దరికీ తర్వాత వేర్వేరు సంవత్సరాల్లో నోబెల్ బహుమతి వచ్చింది. కంపెనీ డివిడెండ్ ఎంత ఇచ్చినా, అసలు ఇవ్వకపోయినా వాటాదారుడి ఆస్తిలో తేడా రాదన్నది వాళ్ల వాదన. డివిడెండ్ బాగా ఇచ్చే కంపెనీయే మంచి కంపెనీ అని నమ్మేవాళ్లకు ఇది మింగుడుపడదు. కానీ కాగితం మీద లెక్క కడితే కాదనలేం.

ఒక ఊహాకంపెనీని తీసుకుందాం. వెయ్యి షేర్లు. వ్యాపారం విలువ 90 వేల రూపాయలు, బ్యాంకులో నగదు 10 వేలు. మొత్తం లక్ష, అంటే షేరు 100 రూపాయలు. మీ దగ్గర 100 షేర్లున్నాయి, మీ వాటా విలువ 10 వేలు. కంపెనీ తన నగదంతా షేరుకు పది రూపాయల చొప్పున పంచేసిందనుకోండి. మీ చేతికి వెయ్యి వచ్చింది. కంపెనీలో ఇక మిగిలింది 90 వేల వ్యాపారమే కాబట్టి షేరు 90కి దిగుతుంది. మీ 100 షేర్ల విలువ 9 వేలు, చేతిలో వెయ్యి, వెరసి పదివేలే. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో పెట్టినట్టు.

డివిడెండ్ ఇవ్వలేదు, మీకేమో వెయ్యి రూపాయలు అవసరం పడింది. అప్పుడు 100 రూపాయల ధరకు పది షేర్లు అమ్ముకుంటారు. మిగిలిన 90 షేర్లు, ఒక్కోటి వంద, అంటే 9 వేలు. చేతిలో వెయ్యి. మళ్లీ అదే పదివేలు. కంపెనీ ఇవ్వని డివిడెండ్‌ను మీరే తయారుచేసుకున్నారన్నమాట. కంపెనీ ఇచ్చింది మీకు అక్కర్లేకపోతే ఆ డబ్బుతో తిరిగి షేర్లు కొనుక్కుంటారు. ఎవరి అవసరాన్ని వాళ్లు ఖర్చు లేకుండా సర్దుకోగలిగినప్పుడు, కంపెనీ ఎంత పంచిందన్నదానికి మార్కెట్ ప్రత్యేకంగా ధర కట్టదు.

ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. ఆ పదివేలతో కంపెనీ కొత్త యంత్రం కొనాల్సి ఉంటే? పంచేస్తే అది ఆగిపోదా? ఆగనక్కర్లేదంటారు వాళ్లిద్దరూ. కొత్త షేర్లను 90 చొప్పున అమ్మి పదివేలు తెచ్చుకుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు పెట్టినదానికి సరిపడా వాటా తీసుకుంటారు, పాతవాళ్ల 90 వేలూ చెక్కుచెదరవు. ఆ వాదనకు గుండెకాయ ఇదే. కంపెనీ విలువను తేల్చేది అది పెట్టే పెట్టుబడులు, వాటి మీద వచ్చే రాబడి. లాభాన్ని ఎలా పంచుతారన్నది కాదు. చేతికొచ్చిందే మన సొమ్ము, కంపెనీలో ఉన్నది గాల్లో దీపం అనేవాళ్లకు వీళ్ల సమాధానం కూడా ఇందులోనే ఉంది. రిస్కు వ్యాపారంలో ఉంటుంది. డివిడెండ్ తీసుకున్నంత మాత్రాన మిగిలిన వ్యాపారం రిస్కు తగ్గదు.

అయితే ఈ లెక్క నిలబడాలంటే కొన్ని షరతులుండాలి. పన్నులుండకూడదు. బ్రోకరేజీ, కొత్త షేర్లు జారీ చేసే ఖర్చు ఉండకూడదు. కంపెనీ పరిస్థితి యాజమాన్యానికి ఎంత తెలుసో బయటి మదుపరికీ అంతే తెలియాలి. అలాంటి మార్కెట్ భూమ్మీద లేదని ఆ ఇద్దరికీ తెలుసు. దాన్నొక కొలబద్దగా వాడమన్నారు. డివిడెండ్ కదిలితే షేరు ధర కదిలిందంటే, ఈ షరతుల్లో ఏది తప్పిందో వెతకమన్నమాట. నా మటుకు ఆ సిద్ధాంతం విలువంతా అక్కడే ఉంది.

ఎఫ్‌పీఎల్ విషయంలో తప్పినవి రెండు.

మొదటిది సమాచారం. డివిడెండ్ ఎంతివ్వాలో యాజమాన్యాలు ఎలా తేల్చుకుంటాయని జాన్ లింట్నర్ 1950లలో 28 అమెరికన్ కంపెనీలను పట్టుకుని అధ్యయనం చేశాడు. అధికారులను కూర్చోబెట్టి అడిగాడు. లాభంలో ఎంత భాగం పంచాలన్నదానికి, అంటే పే అవుట్ రేషియోకి, వాళ్ల మనసులో ఒక దీర్ఘకాల లక్ష్యం ఉంటుంది. కానీ ఏటా దాన్ని తు.చ. తప్పక పాటించరు. షేరుకు 20 రూపాయల లాభం మీద 10 ఇస్తున్న కంపెనీకి ఒక ఏడాది లాభం 30కి పెరిగిందనుకోండి. సగం పంచాలన్న లక్ష్యం ప్రకారం 15 ఇవ్వాలి. ఇవ్వదు. 11 దగ్గరో 12 దగ్గరో ఆగుతుంది. ఈ లాభం నిలుస్తుందో లేదో చూసి మరుసటి ఏడాది ఇంకో మెట్టెక్కుతుంది. ఎందుకంటే ఒకసారి పెంచినదాన్ని తగ్గించాల్సి రావడమంటే యాజమాన్యాలకు ప్రాణసంకటం.

అందరూ ఇలాగే నడుచుకుంటారని తెలిశాక డివిడెండ్ ఒక సంకేతంగా మారుతుంది. పెంచారంటే, ముందు రోజుల మీద ధీమా ఉందని. కోశారంటే, మనకు తెలియనిదేదో లోపల కుళ్లుతోందని. సుదీప్తో భట్టాచార్య 1979లో దీనికి సిద్ధాంతరూపం ఇచ్చాడు. సంకేతాన్ని నమ్మాలంటే దాన్ని పంపడానికి ఖర్చు కావాలి. వార్షిక నివేదికలో తీపి మాటలు రాయడానికి పైసా ఖర్చు లేదు, ఎవరైనా రాయొచ్చు. ఏటా నగదు చెల్లించడం అలా కాదు. డొల్ల కంపెనీ డాబుకు డివిడెండ్ పెంచితే, దాన్ని కట్టడానికి రెండేళ్లలో అప్పు చేయాల్సొస్తుంది, బండారం బయటపడుతుంది.

ఎఫ్‌పీఎల్ అసలు కారణాలు వేరు. అంతకు ముందు కొన్నేళ్లుగా దాని పే అవుట్ రేషియో సగటున 90 శాతం. వంద డాలర్ల లాభంలో తొంభై పంచేసేది. కరెంటు వ్యాపారంలో పోటీ లేనంతకాలం అది చెల్లింది. పోటీకి తలుపులు తెరుచుకుంటున్నాయి కాబట్టి చేతిలో కొంత ఉంచుకోవాలనుకుంది. ఇకపై లాభంలో 60 నుంచి 75 శాతమే ఇస్తామని, మిగిలిన డబ్బుతో సొంత షేర్లు వెనక్కి కొంటామని చెప్పింది. డివిడెండ్ మీదకన్నా షేరు అమ్మిన లాభం మీద పన్ను తక్కువ కాబట్టి వాటాదారులకూ మేలేనంది. ఇంత చెప్పినా మొదటి రోజు మార్కెట్ చెవికెక్కలేదు. కోత అంటే చెడువార్త అనే అలవాటు అంత బలమైనది. ప్రకటనను నింపాదిగా చదువుకున్నాక విశ్లేషకులు కొనమని చెప్పడం మొదలుపెట్టారు. నెల తిరక్కుండానే ధర పాత స్థాయి దగ్గరికి వచ్చేసింది. అంటే ఆ 14 శాతంలో చాలా భాగం సంకేతాన్ని తప్పుగా చదవడం వల్ల పడిందే.

రెండోది, ఆ షేరు ఎవరి చేతుల్లో ఉందన్నది. కరెంటు కంపెనీల షేర్లు కొనేది ఎక్కువగా పింఛను మీద బతికే పెద్దవాళ్లు. వాళ్లకు మూడు నెలలకోసారి వచ్చే చెక్కు ఇంటి ఖర్చు. పది షేర్లు అమ్ముకుంటే సరిపోదా అన్న లెక్క వాళ్లకు చెబితే నవ్వుతారు. అమ్మితే బ్రోకరేజీ, ఆపైన అసలు తినేస్తున్నామన్న దిగులు. వేరొక తరహా మదుపరులుంటారు. జీతం బాగా వస్తుంది, పన్ను ఎక్కువ శ్లాబులో పడుతుంది, డివిడెండ్ అంటే విసుగు. ఎవరికి నచ్చిన కంపెనీలో వాళ్లు చేరిపోతారు. మిల్లర్, మోడిగ్లియానీ ఈ సంగతి కూడా అప్పుడే రాశారు. ఒక గుంపు మదుపరులు ఇంకో గుంపుకన్నా కంపెనీకి ఎక్కువేమీ కాదన్నారు. ఎక్కువ డివిడెండ్ కోరుకునేవాళ్లకు సరిపడా కంపెనీలు మార్కెట్లో ఉంటే, ఇంకో కంపెనీ ఆ దారి పట్టినంత మాత్రాన దాని షేరుకు ఎక్కువ ధర రాదు.

కానీ ఉన్న పద్ధతిని ఉన్నట్టుండి మార్చేస్తే పాతవాళ్లు అమ్ముకుని పోవాలి, కొత్తవాళ్లు వెతుక్కుంటూ రావాలి. ఆ మధ్యకాలం ఎగుడుదిగుడే. ఎఫ్‌పీఎల్‌లో అదే జరిగింది. చిన్న మదుపరుల వాటా తగ్గి, పెద్ద సంస్థల వాటా పెరిగింది. 2010లో నెక్స్ట్‌ఎరా ఎనర్జీగా పేరు మార్చుకున్నది ఆ కంపెనీయే.

మన దేశంలో ఈ గుంపులను అటూ ఇటూ కదిపేది ప్రధానంగా పన్ను. 2020 మార్చి దాకా డివిడెండ్ మీద పన్ను కంపెనీయే కట్టేది, మామూలు మదుపరికి చేతికొచ్చినది దాదాపు పన్ను లేని సొమ్ము. 2020 ఏప్రిల్ నుంచి అది మన ఆదాయంలో కలిసి మన శ్లాబు ప్రకారం పన్ను పడుతోంది. పన్ను కట్టాల్సిన ఆదాయమే లేని పెద్దాయనకు, 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి అదే డివిడెండ్ ఇప్పుడు ఒకటి కాదు. పై ఉదాహరణలో ఆ ఉద్యోగి డివిడెండ్ కోసమని రికార్డు తేదీకి ముందు షేరు వందకు కొన్నాడనుకోండి. పది వస్తుంది, షేరు 90 దగ్గరికి దిగుతుంది, ఆ పదిలో మూడు పన్నుకు పోతుంది. డివిడెండ్ వచ్చిందన్న సంతోషంలో షేరుకు మూడు రూపాయలు వదిలించుకున్నాడు.

ప్రకటనల్లో కనిపించే శాతాలతోనూ జాగ్రత్త అవసరం. వెయ్యి శాతం డివిడెండ్ అని శీర్షిక వస్తుంది. ఆ శాతం ముఖ విలువ మీద. రూపాయి ముఖ విలువున్న షేరుకు అది పది రూపాయలు. షేరు ధర రెండు వేలుంటే, రాబడి అర శాతం.

ప్రభుత్వరంగ సంస్థలది మరో కథ. వాటికి ప్రధాన వాటాదారు కేంద్ర ప్రభుత్వమే, దానికి బడ్జెట్‌లో నగదు కావాలి. లాభంలో 30 శాతం లేదా నికర విలువలో 4 శాతం, ఏది ఎక్కువైతే అది కనీస డివిడెండ్‌గా ఇవ్వాలన్నది 2024 నవంబరులో సవరించిన మార్గదర్శకం. ఇలాంటి కంపెనీ భారీగా పంచిందంటే దాన్ని యాజమాన్యం ధీమాకు గుర్తుగా చదవడం పొరపాటు కావచ్చు. యజమాని అవసరం కూడా అందులో ఉంటుంది.

మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు తమ డివిడెండ్ విధానాన్ని రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలని సెబీ నిబంధన ఉంది. రెండు మూడు పేజీల పత్రం. కొన్ని కంపెనీలు పే అవుట్ రేషియోను అంకెల్లో చెబుతాయి, కొన్ని బోర్డు విచక్షణ అని దాటేస్తాయి. దాని పక్కనే గత ఐదేళ్ల నగదు ప్రవాహ పట్టిక పెట్టుకుని చూడండి. వ్యాపారంలో వచ్చిన నగదులోంచి యంత్రాలకూ భవనాలకూ పోగా మిగిలినది డివిడెండ్‌కు సరిపోతోందా, లేక అదే పట్టికలో కింద అప్పు తెచ్చిన వరుసలో అంకె ఏటా పెరుగుతోందా అన్నది అక్కడ కనిపిస్తుంది.