బృహద్ధమని చీలినప్పుడు వచ్చే నొప్పి

2005 డిసెంబర్ 31 సాయంత్రం. అమెరికాలోని హ్యూస్టన్‌లో 97 ఏళ్ల మైకేల్ డెబేకీ తన ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఒక ఉపన్యాసం తయారుచేసుకుంటున్నారు. ఉన్నట్టుండి ఛాతీ పైభాగంలో, వీపున రెండు రెక్కల మధ్య కోసేసినట్టు నొప్పి పుట్టింది. అక్కడి నుంచి మెడలోకి పాకింది. ఇక క్షణాల్లో గుండె ఆగిపోతుందనుకున్నారాయన. ఆగలేదు. కాసేపటికి అదే జబ్బో ఆయనకే తట్టింది. తట్టదా మరి! 1950ల్లో ఆ జబ్బుకు ఆపరేషన్ రూపొందించిన వైద్యుడు ఆయనే. దాని రకాలను వైద్యులు ఈనాటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు.

గుండె నుంచి రక్తాన్ని ఒళ్లంతటికీ మోసుకెళ్లే పెద్ద గొట్టం బృహద్ధమని. గుండె దగ్గర మొదలై పైకి లేచి, మెడ కింద వంపు తిరిగి, వెన్ను పక్కగా పొట్టలోకి దిగుతుంది. దాని గోడలో మూడు పొరలుంటాయి. లోపొరలో చిన్న చీలిక పడితే చాలు, గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం ఆ చీలికలోంచి గోడలోకే దూరుతుంది. కోటు గుడ్డకూ లోపలి అస్తరుకూ మధ్య చెయ్యి దూరిస్తే రెండూ విడిపోతూ పోయినట్టు, ఆ పొరలు పొడవునా విడిపోతాయి. దీన్నే డాక్టర్లు అయోర్టిక్ డిసెక్షన్ అంటారు. గోడ చీలుతూ కిందికో పైకో సాగుతుంది కాబట్టే నొప్పి కూడా ఛాతీ నుంచి వీపుకూ, వీపు నుంచి నడుముకూ జరుగుతుంది. దారిలో మెదడుకో చేతికో కాలికో వెళ్లే కొమ్మ మూసుకుపోతే మాట తడబడటం, సొమ్మసిల్లడం, ఒక చెయ్యి చల్లబడటం కూడా కనిపిస్తాయి.

లోపొర చీలడానికి ఎక్కువమందిలో కారణం ఏళ్ల తరబడి అదుపు తప్పిన రక్తపోటు. ఈ జబ్బు వచ్చినవారిలో నలుగురిలో దాదాపు ముగ్గురికి అంతకుముందు నుంచే బీపీ ఉన్నట్టు తేలింది. మందులు మానేసినవాళ్లూ, ఎప్పుడూ బీపీ చూపించుకోనివాళ్లూ వీరిలో ఉంటారు. వయసులో ఉన్నవాళ్లకు వస్తే మార్ఫాన్ సిండ్రోమ్ లాంటి పుట్టుకతో వచ్చే లోపాలనూ అనుమానించాలి.

ఈ నొప్పిని గుర్తుపట్టడానికి అది ఎలా మొదలైందన్నదే మంచి ఆధారం. గుండెపోటు నొప్పి చాలామందిలో బరువు పెట్టినట్టు మొదలై క్రమంగా పెరుగుతుంది. డిసెక్షన్ నొప్పి మొదటి క్షణంలోనే పతాకస్థాయిలో ఉంటుంది. అప్పుడు ఏం చేస్తున్నారో రోగి కచ్చితంగా చెప్పగలరు: చెప్పులు వేసుకుంటున్నాను, బకెట్ ఎత్తుతున్నాను అని. కొందరు చీరేసినట్టుందంటారు, మరికొందరు కత్తితో పొడిచినట్టుందంటారు. అలాంటి నొప్పితో పాటు బీపీ 200 దగ్గర కనిపిస్తే, అది నొప్పి వల్ల పెరిగిందేలే అని సరిపెట్టుకోకూడదు.

అయితే ఒక మెలిక ఉంది. బీపీ మామూలుగా ఉన్నంత మాత్రాన గండం తప్పినట్టు కాదు. చీలిక గుండెకు దగ్గరలో ఉండి, రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలోకి కారితే బీపీ పడిపోతుంది. ఇంకో చిక్కు, కొమ్మ మూసుకుపోయిన చేతికి పట్టీ కడితే బీపీ తక్కువ చూపిస్తుంది. అందుకే రెండు చేతులకూ కొలవాలి. పై అంకెలో 20కి మించి తేడా వస్తే అనుమానం బలపడుతుంది. రెండూ సమానంగా ఉన్నా జబ్బు లేదని కొట్టిపారేయడానికి మాత్రం వీల్లేదు.

అనుభవం ఉన్న ఆసుపత్రుల్లో కూడా ఇది గుండెపోటులా కనిపిస్తుంది. 2003 సెప్టెంబర్ 11న హాలీవుడ్ నటుడు జాన్ రిట్టర్ టీవీ షూటింగ్‌లో ఛాతీ నొప్పితో కుప్పకూలారు. దగ్గరలోని ఆసుపత్రిలో గుండెపోటుగా భావించి చికిత్స చేశారు. ఆ రాత్రే చనిపోయారు. వయసు 54. అసలు జబ్బు డిసెక్షన్. తర్వాత కుటుంబం కోర్టుకెళ్లినా, 2008లో జ్యూరీ డాక్టర్ల తప్పు లేదని తేల్చింది. గుండెపోటు దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది కాబట్టి డాక్టరుకు ముందు అదే తట్టడం సహజం. కానీ రెంటికీ చికిత్స ఒకటి కాదు. గుండెపోటులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ప్రాణం పోస్తుంది. అదే ఇంజెక్షన్ చీలిన ధమనికి ప్రాణాంతకం కావచ్చు.

మన ఊళ్లలో ప్రమాదం ఇంకాస్త ముందే మొదలవుతుంది. నొప్పి అనగానే గ్యాస్ అంటారు. వాము నమిలిస్తారు, సోడా తాగిస్తారు, వీపుకు మందు రాస్తారు. బీపీ మరీ ఎక్కువుందని చూసినవాళ్లు నిఫెడిపిన్ గొట్టం చిదిమి నాలుక కింద పోయడం కూడా చాలాకాలంగా ఉన్న అలవాటే. దానివల్ల బీపీ దబ్బున పడి, గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. చీలిక మీద పడే దెబ్బ పెరుగుతుంది. ఆసుపత్రిలో దీనికి తిరగేసి చేస్తారు. నొప్పి తగ్గించి, ముందు గుండె వేగాన్ని నిమిషానికి 60 లోపుకు తెచ్చి, పై బీపీని 100, 120 మధ్యకు దించుతారు. ఇదంతా నరంలోకి మందు ఎక్కిస్తూ, క్షణక్షణం కనిపెట్టి చూస్తూ చేసే పని. ఇంట్లో చేయగలిగింది కాదు.

ఈసీజీలో ఇది తెలియదు. కొందరికి ఈసీజీ పూర్తిగా మామూలుగానే వస్తుంది. ఛాతీ ఎక్స్‌రేలో అనుమానం రావచ్చు, రాకపోవచ్చు. తేల్చేది సీటీ యాంజియోగ్రామ్. చీలిక వెన్ను పక్కగా దిగే భాగంలోనే ఉంటే మందులతో నెట్టుకురావచ్చు, అవసరమైతే లోపల స్టెంట్ పెడతారు. గుండె నుంచి పైకి లేచే భాగంలో ఉంటే వెంటనే ఆపరేషన్ చేయాలి. చికిత్స అందకపోతే మొదటి రెండు రోజుల్లో గడిచే ఒక్కో గంటకు నూటికి ఒకరిద్దరు చనిపోతారు.

డెబేకీకి ఉన్నది ఈ రెండో రకమే. అయినా ఆయన ఆంబులెన్స్‌కు ఫోన్ చేయలేదు. ఇంట్లోవాళ్లు కంగారుపడతారని కండరం పట్టిందని చెప్పారు. స్కాన్ చేయించుకున్నా, ఆ వయసులో కోలుకోలేనేమోనని ఆపరేషన్ వద్దన్నారు. నెల గడిచేసరికి ధమని ఇంకా ఉబ్బింది, ఆయన స్పృహ తప్పారు. ఇంత పెద్దాయనకు ఆపరేషన్ చేయవచ్చా అని ఆసుపత్రి సంఘం తర్జనభర్జన పడుతుంటే, భార్య లోపలికి వెళ్లి వెంటనే చేయాలని పట్టుబట్టారు. 2006 ఫిబ్రవరి 9న శిష్యుడు జార్జ్ నూన్ చేతుల మీదుగా సుమారు ఏడు గంటల ఆపరేషన్ జరిగింది. చీలిన భాగం తీసి అక్కడ డాక్రాన్ గొట్టం కుట్టారు. ఒకప్పుడు బజారులో డాక్రాన్ గుడ్డ కొని, భార్య కుట్టుమిషన్ మీద తానే కుట్టి డెబేకీ మొదలుపెట్టిన రకం గొట్టం అది. ఆయన 2008 జులై దాకా బతికారు. అన్ని రోజులు ఆగీ బతికి బయటపడటం అరుదు. దాన్ని ధైర్యంగా తీసుకుని ఎవరూ ఆగకూడదు.

రిట్టర్ మరణం తర్వాత ఆయన అన్న టామ్ స్కాన్ చేయించుకుంటే, ఆయన బృహద్ధమని కూడా ఉబ్బినట్టు తేలింది. చీలకముందే ఆపరేషన్ చేశారు. కాబట్టి ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వస్తే తోబుట్టువులు, పిల్లలు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

ఛాతీలోనో వీపులోనో ఒక్కసారిగా చీరేసినట్టు నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. బండి నడుపుకుంటూ వెళ్లకండి. డాక్టర్ చెప్పకుండా రక్తం పలచబడే మాత్రలు, బీపీ మాత్రలు వేయకండి. వీలైతే సీటీ, గుండె ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి. డాక్టరుకు నొప్పి ఏ క్షణాన మొదలైందో, ఎటు పాకిందో, ఎన్నాళ్లుగా బీపీ ఉందో చెప్పండి. ఆపైన మొహమాటపడకుండా అడగండి: “డాక్టరు గారూ, ఇది బృహద్ధమని చీలిక కావచ్చా? రెండు చేతులకూ బీపీ చూస్తారా?”