పాత ఖాతా తెరుచుకోకపోయినా కోత ఆపవచ్చు

నెలనెలా ₹149 పోతోంది. బ్యాంకు మెసేజ్‌లో గూగుల్ ప్లే అని ఉంది. ఎప్పుడో పిల్లల కోసం తీసుకున్న చందా అది. యాప్ తీసేశారు, ఫోనూ మార్చేశారు. యాప్ తీసేస్తే చందా ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు కానీ, అది ఆగదు. రద్దు చేద్దామంటే అప్పటి జీమెయిల్ ఏదో గుర్తులేదు.

ఇక్కడ వెతకాల్సింది ఆ యాప్‌లోని ఖాతాను కాదు. డబ్బు గూగుల్ ప్లే పేరుతో పోతోంది కాబట్టి, చందా కట్టినప్పుడు ఫోన్‌లో ఉన్న జీమెయిల్‌నే పట్టుకోవాలి. గూగుల్ లాగిన్ పేజీలో "Forgot email?" నొక్కి, అప్పట్లో ఇచ్చిన ఫోన్ నంబరు, పేరు సరిగ్గా రాస్తే, వాటికి సరిపోయే ఖాతాలను చూపిస్తుంది. పాస్‌వర్డ్ కోసం g.co/recover తెరవాలి. ఈ పని పాత ఫోన్ నుంచి, మామూలుగా వాడే ఇంటి వైఫైతో చేయడం మేలు. అలవాటైన ఫోన్, అలవాటైన చోటు అయితే అడుగుతున్నది అసలు యజమానేనని గూగుల్ నమ్మే అవకాశం ఎక్కువ. పాత పాస్‌వర్డ్ ఏదైనా లీలగా గుర్తున్నా రాయండి, ఖాళీగా వదలొద్దు.

చిక్కంతా పాత సిమ్ పోయినప్పుడే వస్తుంది. మన దేశంలో రద్దయిన నంబరును 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అప్పుడు ఓటీపీ వాళ్లకు వెళుతుంది.

ఖాతా తెరుచుకుంటే ప్లే స్టోర్‌లో Payments & subscriptions లోకి వెళ్లి చందా రద్దు చేస్తే చాలు. తెరుచుకోకపోతే బ్యాంకు వైపు నుంచి రావాలి. డబ్బు తీసుకోవడానికి మనం ఇచ్చిన అనుమతి మన చేతిలోనే ఉంది, దాన్ని వెనక్కి తీసుకోవడానికి జీమెయిల్‌తో పనిలేదు. యూపీఐ అయితే ఆటోపే పెట్టిన యాప్‌లోనే ఆ విభాగం తెరిచి, రద్దు నొక్కి, యూపీఐ పిన్ కొట్టాలి. కార్డు అయితే, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కోతకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం పంపాలి, అనుమతి రద్దుచేసుకునే వీలూ ఇవ్వాలి. ఆ మెసేజ్‌ను చూడకుండా చెరిపేయడం వల్లే ఏళ్ల తరబడి డబ్బు పోతుంటుంది.

కోత తేదీ దగ్గరపడితే ముందు బ్యాంకు అనుమతినే రద్దు చేయాలని నా అభిప్రాయం. అంతటితో ఊరుకోకూడదు. ఆ ఖాతాలో ఇంకో కార్డు కూడా దాచి ఉంటే, ఈ దారి మూసుకోగానే గూగుల్ దానిమీద ప్రయత్నించవచ్చు. అందుకే తర్వాతి నెల మిగతా కార్డుల స్టేట్‌మెంట్లూ చూడాలి. ఖాతా తెరిపిస్తామంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లకు మాత్రం ఏమీ చెప్పకండి. చందా ఆపడానికి మీ ఓటీపీ వేరేవాళ్లకు అవసరం లేదు.